అంతా వల మీదే ఆధారపడిన సాగు

2007లో విశాఖపట్నం తీరాన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అందరూ పిలిచే పేరుతో చెప్పాలంటే సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సముద్రంలో ఒక పెద్ద వల పంజరాన్ని దింపింది. దాని వ్యాసం 15 మీటర్లు. అందులో వేసినవి పండుగప్ప పిల్లలు. మన దేశంలో తెరచిన సముద్రంలో పంజరం కట్టి చేపలు పెంచడానికి అదే మొదలు. తర్వాతి కాలంలో ఆ పెద్ద పంజరాన్ని పక్కన పెట్టి, మత్స్యకారులు నలుగురైదుగురు కలిసి చూసుకోగలిగే 6 మీటర్ల వ్యాసం పంజరాన్ని రూపొందించారు. ఈరోజు మన తీరాల్లో కేజ్ కల్చర్ అంటే ఎక్కువగా ఆ కొలతే.

ఒడ్డు నుంచి చూస్తే నీటి మీద తేలే నల్లటి గుండ్రటి పైపు తప్ప ఇంకేమీ కనిపించదు. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన రెండు పైపు వలయాలు ఒకదాని లోపల ఒకటి ఉంటాయి. వాటి మీద నిలబడి మేత వేయొచ్చు. ఆ వలయం నుంచి లోపలికి నాలుగు మీటర్ల లోతుకు చేపలుండే వల సంచీలా వేలాడుతుంది. దాని చుట్టూ ఇంకాస్త పెద్ద కన్నుతో మరో వల ఉంటుంది. బయటి పెద్ద చేపలు లోపలి వలను కొరకకుండా అడ్డుపడటం దాని పని. కొంగలు, గద్దలు, సముద్రపు కాకులు వాలకుండా పైన ఒక పల్చటి వల కప్పుతారు. కింద వల ముడుచుకుపోకుండా బరువైన పైపు వలయం కడతారు. ఇదంతా కొట్టుకుపోకుండా రాళ్లు నింపిన పెద్ద తీగ పెట్టెలను అడుగున దించి, గొలుసుతో పంజరానికి కలుపుతారు.

ఈ ఏర్పాటులో గోడ లేదు, గట్టు లేదు, మోటారు లేదు. చెరువులో రైతు ఏరేటర్ తిప్పుతాడు, నీరు మారుస్తాడు, అడుగున సున్నం చల్లుతాడు. సముద్రంలో అవన్నీ చేసేది నీటి కదలిక ఒక్కటే. అది ప్రాణవాయువును లోపలికి తెస్తుంది, చేపల మలినాన్ని బయటికి తీసుకుపోతుంది. ఆ కదలికకు దారి ఇచ్చేది వల కన్ను. అందుకే మేత, వల శుభ్రత, చేపలు తప్పించుకోవడం, చుట్టుపక్కల నీటికి జరిగే హాని అని నాలుగు వేరువేరు సంగతులుగా కనిపించేవి నిజానికి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి విప్పి చూడటానికి వల కన్ను దగ్గరే మొదలుపెట్టాలి.

కొత్త వల నీళ్లలో పడిన కొన్ని గంటల్లోనే దారాల మీద సూక్ష్మజీవుల జిగురు పొర పడుతుంది. చేత్తో రాస్తే జారినట్టు ఉంటుంది, అంతే. ఆ జిగురు మీద సన్నటి నాచు పడుతుంది. నాచు వెంట హైడ్రాయిడ్లు వస్తాయి. చూడటానికి గోధుమరంగు పీచులా ఉంటాయి గానీ అవి జంతువులు, జెల్లీ చేపలకు చుట్టాలు, కుట్టే కణాలు కూడా వాటికి ఉంటాయి. తర్వాత పడవ అడుగున గరుకుగా అంటుకుని కనిపించే బార్నకిల్స్, ఆపైన ఆలిచిప్పలు. వెచ్చటి నీళ్లలో ఈ వరస చాలా త్వరగా నడుస్తుంది. విశాఖ హార్బరులో ఓడల మీద, కొయ్యల మీద ఇలా పేరుకునే జీవుల గురించి ఆంధ్రా యూనివర్సిటీ జంతుశాస్త్రవేత్త పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు 1950ల్లోనే అధ్యయనాలు చేశారు. ఓడలకు, కొయ్యలకు ఉన్న ఆ బెడదే ఇప్పుడు పంజరం వలకు వచ్చింది.

ఇక్కడ కంటి చూపు మోసం చేసే సంగతి ఒకటుంది. వల కన్ను ఒక్కో వైపు 16 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. దారం మీద అన్ని వైపులా నాలుగు మిల్లీమీటర్ల మందాన నాచూ గుల్లలూ పెరిగితే కన్ను 8 మిల్లీమీటర్లు అవుతుంది. చూసేవాడికి సగం తెరిచి ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ నీరు పోయే ఖాళీ 256 చదరపు మిల్లీమీటర్ల నుంచి 64కు పడిపోయింది, అంటే మిగిలింది పావు వంతే. పడవ మీంచి వంగి చూసి, ఇంకా పర్వాలేదు, వచ్చే వారం కడుగుదాం అనుకునేది సరిగ్గా ఈ దశలోనే.

ఆ వారం రోజుల్లో లోపల ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. 6 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల లోతు ఉన్న వల సంచీలో సుమారు 113 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. పంట చివరికొచ్చేసరికి అందులో రెండు టన్నుల పండుగప్ప ఉందనుకుందాం. మన వేసవి సముద్రంలో లీటరు నీటికి ఆరు మిల్లీగ్రాములకు అటూఇటూగా ప్రాణవాయువు కరిగి ఉంటుంది. ఆ లెక్కన పంజరం మొత్తం నీటిలో ఉన్నది 680 గ్రాములే. చేప కిలో బరువుకు గంటకు సుమారు 300 మిల్లీగ్రాములు పీల్చుకుంటుందనుకుంటే, రెండు టన్నుల చేప గంటకు 600 గ్రాములు ఖర్చు చేస్తుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చేపకు ఇబ్బంది మొదలవుతుంది. అంటే ఆరు నుంచి నాలుగుకు దిగేదాకా ఉన్న పెట్టుబడి 226 గ్రాములు మాత్రమే. నీరు పూర్తిగా నిలిచిపోతే అది ఇరవై మూడు నిమిషాల్లో అయిపోతుంది. కడుపునిండా మేత తిన్న తర్వాత చేప ఇంకా ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ఆ గడువు ఇంకా తగ్గుతుంది.

దీన్ని చదివి భయపడాల్సిన పని లేదు, ఎందుకంటే సముద్రం పూర్తిగా నిలవడం అరుదు. వల శుభ్రంగా ఉంటే చాలా మెల్లటి కదలిక కూడా ఈ అవసరాన్ని తీర్చేస్తుంది. సెకనుకు ఒక సెంటీమీటరు నీరు వల గుండా దాటినా రెండు టన్నుల చేపకు ఊపిరి ఆడుతుంది. ప్రమాదం ఉన్నది రెండూ కలిసిన వేళ. పోటుకూ పాటుకూ నడుమ నీరు మందగించిన తెల్లవారుజామున, గాలి లేని ఎండాకాలపు రోజున, వల కూడా మూసుకుపోయి ఉంటే బయట మెల్లగా కదులుతున్న నీరు వలను తాకి పక్కనుంచి తిరిగి వెళ్లిపోతుంది. లోపల చేప ఉన్న నీటినే మళ్లీమళ్లీ పీలుస్తుంది. అన్నిరోజులూ బాగానే ఉన్న పంజరంలో ఒక్క రాత్రిలో చేపలు వెల్లకిలా తేలడానికి చాలాసార్లు కారణం ఇదే, రోగం కాదు.

అయితే చావుకు ముందు ఒక సూచన కనిపిస్తుంది. అది మేత దగ్గర కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పండుగప్ప మేత పడగానే పైకి దూసుకొస్తుంది, నీరు తెల్లగా చిమ్ముతుంది. ప్రాణవాయువు తక్కువైన పంజరంలో అవి పైకి రావు, వచ్చినా నెమ్మదిగా వచ్చి ఒకటో రెండో గుళికలు అందుకుని దిగిపోతాయి. అనుభవం లేనివాళ్లు మేత నచ్చలేదనో, జబ్బు చేసిందనో అనుకుంటారు. కొందరు రోజూ వేసే కొలత పూర్తిచేయాలని అలాగే వేస్తూ పోతారు. తినని మేత వల గుండా కిందికి దిగిపోతుంది, కొంత వలకే అంటుకుని నాచుకు ఎరువవుతుంది. వల ఇంకా మూసుకుంటుంది. ఒక మురికి వల ఇలా మేతను వృథా చేసి, ఆ వృథాతో ఇంకా మురికవుతుంది.

మేత వేయడం చూడటానికి తేలికగా ఉంటుంది గానీ ఈ సాగులో డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ఖర్చులో పెద్ద భాగం మేతదే. పద్ధతి ఏమిటంటే, రోజుకు రెండు పూటలు, నీటి ఉరవడి మందంగా ఉన్న సమయం చూసి, గాలి వచ్చే వైపు నిలబడి పిడికెడు పిడికెడుగా చల్లాలి. ఉరవడి ఎక్కువ ఉన్నప్పుడు వేస్తే గుళికలు చేప నోటికి అందకముందే వల దాటిపోతాయి. పైన చిమ్మడం తగ్గిందంటే ఆగిపోవాలి, బకెట్లో ఎంత మిగిలినా సరే. వల అడుగున ఒక పళ్లెం కట్టి, మేత వేసిన అరగంటకు పైకి లాగి చూస్తే ఎంత కిందికి దిగిందో తెలిసిపోతుంది. నార్వేలో పెద్ద కంపెనీలు ఇదే పనిని నీటి లోపలి కెమెరాలతో చేస్తాయి. చూసేది మాత్రం ఒకటే, కిందికి గుళిక దిగుతోందా లేదా అని.

పండుగప్ప విషయంలో మరో చిక్కుంది. అది తన కన్నా చిన్న పండుగప్పను మింగేస్తుంది. ఒకే రోజు వేసిన పిల్లల్లో కొన్ని బలంగా తిని ముందుకు పోతే, వెనకబడినవి వాటికి మేతవుతాయి. అందుకే చిన్న వయసులో తరచూ తీసి, సైజుల వారీగా వేరు చేయాలి. మేత చాలని పంజరంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. చచ్చినవి పైన తేలవు కాబట్టి, పంట రోజున లెక్క తక్కువ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. వల తెగి పోయాయా, దొంగలు పట్టారా, లోపలే ఒకదాన్నొకటి తినేశాయా అన్న గొడవ అప్పుడు మొదలవుతుంది.

ఏ మేత వేయాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన తీరంలో చాలా చోట్ల చవగ్గా దొరికే కవళ్లనో, ట్రాలర్ వలలో పడే చిన్నాచితకా చేపలనో ముక్కలు కొట్టి వేస్తారు. గుళికల మేత ఖరీదు, రేవులో ఆ చేపలు చవక, ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఒక కిలో పండుగప్ప పెరగడానికి పచ్చి చేపైతే అయిదారు కిలోలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. మంచి గుళికలైతే రెండు కిలోల లోపే సరిపోతుంది. పచ్చి చేప ముక్కలు చేసేటప్పుడే రక్తం, నూనె, సన్న తునకలు నీటిలో కలిసిపోతాయి. పైగా ఆ చిన్న చేపల్లో రేపు పెద్దయి మన వలకే పడాల్సిన పిల్లలు చాలా ఉంటాయి. ఊళ్లో పదిమంది కేజ్ పెట్టుకుని, ఆ మేత కోసం మిగతా ఊరి వేటను తినేస్తే అది కొత్త ఉపాధి అనిపించుకోదు. గుళికల్లోనూ చేప పొడి ఉంటుంది, నిజమే. కానీ దాని వాటాను తగ్గించే దారులున్నాయి. పచ్చి చేపకు ఆ దారి లేదు.

ఇక వల కడగడం. చిన్న పంజరాల్లో అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి వల మార్చడమే. శుభ్రమైన వలను పాత వల బయటి వైపు నుంచి దించి, వలయానికి చుట్టూ కట్టాలి. తర్వాత పాత వల ఒక వైపు విప్పి, మెల్లగా పైకి తీస్తూ చేపలను కొత్త వలలోకి మళ్లించాలి. పాత వలను పూర్తిగా విప్పేముందు కొత్త వల కట్లన్నీ చేత్తో తడిమి చూడాలి. మార్పిడి రోజున చేపలు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఒక కట్టు మరిచిపోవడం వల్ల. తీసిన వలను ఒడ్డుకు తెచ్చి, రెండు మూడు రోజులు ఎండలో పరిస్తే నాచు ఎండి రాలిపోతుంది, బార్నకిల్స్‌ను కొట్టి రాలుస్తారు, తర్వాత పంపు నీటితో కడుగుతారు. ఎండిన వలను ఒక్కో గజం చేతుల మధ్య సాగదీసి చూసి చిరుగులు కుట్టాలి. ఈ చివరి పని విసుగు పుట్టిస్తుంది, అందుకే దాన్నే ఎక్కువగా వదిలేస్తారు.

వల ఎంత బరువెక్కుతుందో తెలిస్తే ఈ పని ఎందుకు వాయిదా పడుతుందో అర్థమవుతుంది. మనం చెప్పుకున్న వల సంచీ గోడలూ అడుగూ కలిపి వంద చదరపు మీటర్లు దాటుతుంది. చదరపు మీటరుకు అయిదు కిలోల చొప్పున పేరుకున్నా, గట్టున తూస్తే అర టన్ను. చిన్న పడవ మీద నలుగురు లాగగలిగిన బరువు కాదది. ఆలస్యమయ్యేకొద్దీ పని బరువెక్కుతుంది, బరువెక్కేకొద్దీ మళ్లీ ఆలస్యమవుతుంది.

పెద్ద పంజరాల్లో వలను తీయకుండా నీటిలోనే ఒత్తిడి నీటితో కడిగే యంత్రాలున్నాయి. కానీ రాలిన హైడ్రాయిడ్ల ముక్కలు పంజరం లోపలి చేపల మొప్పల్లోకి పోతాయి. వాటి కుట్టే కణాలు మొప్పలకు హాని చేస్తాయని నార్వే పరిశోధనల్లో తేలింది. రాగి కలిపిన పూత పూస్తే జీవులు తొందరగా అంటుకోవు, కానీ ఆ రాగి మెల్లగా కరిగి పంజరం కింది బురదలో చేరుతుంది. కొన్నిచోట్ల నాచు మేసే చేపలను కాసిన్ని పంజరంలోనే వదులుతారు. అవి నాచును తింటాయి, బార్నకిల్‌ను మాత్రం ముట్టవు. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా వలను మనిషి కంటితో చూడాల్సిన అవసరం తప్పదు.

వల కడగకపోతే చివరికి ఎక్కడికి దారితీస్తుందో చూపించే సంఘటన ఒకటి పత్రాలతో సహా నమోదై ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సైప్రస్ ఐలాండ్ పక్కన కుక్ ఆక్వాకల్చర్ అనే కంపెనీకి అట్లాంటిక్ సాల్మన్ పంజరాలు ఉండేవి. ఉక్కు చట్రంతో ఒకదానికొకటి కలిపిన పది వలలు. లోపల 3,05,000 చేపలు. 2017 జూలైలో బలమైన ఉరవడికి లంగరు బిగింపులు కొన్ని తెగి పంజరాల వరస కదిలింది. దాన్ని సరిచేసి నిలబెట్టారు. ఆగస్టు 19న మళ్లీ కదిలింది, మర్నాటికి చట్రం వంగి, విరిగి, వలలు చిక్కుపడి కుప్పకూలింది.

కంపెనీ మొదట్లో కారణం సూర్యగ్రహణం నాటి పెద్ద పోటని చెప్పింది. గ్రహణం ఆగస్టు 21న వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజుల పోట్లు ఆ చోటుకు కొత్తవేమీ కావు. రాష్ట్ర ప్రభుత్వంలోని మూడు శాఖలు కలిసి దర్యాప్తు చేసి 2018 జనవరి 30న నివేదిక ఇచ్చాయి. వలల మీద ఆలిచిప్పలు, ఇతర జీవులు కలిపి 110 అమెరికన్ టన్నులు, అంటే దాదాపు లక్ష కిలోలు పేరుకుని ఉన్నాయని, వలలను సరిగ్గా కడగకపోవడమే కూలిపోవడానికి మూలమని తేల్చాయి. కంపెనీ ఈ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు.

ఆలిచిప్పల బరువు వల్ల అది మునిగిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి బరువు కాదు, నీరు వలను నెట్టే బలం. శుభ్రమైన వల గుండా నీరు దాటిపోతుంది కాబట్టి ఆ బలం తక్కువ. కన్నులు మూసుకున్న వల తెరచాపలా మారుతుంది, నీరు మొత్తం దాన్ని నెడుతుంది. ఇంకో సంగతి, ఉరవడి వేగం రెండింతలైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. శుభ్రమైన వలకు లెక్కగట్టి కట్టిన గొలుసులు మూసుకుపోయిన వలకు, పెద్ద పోటు రోజున, ఏ మాత్రం సరిపోవు. మామూలు పోటుకే తెగిపోయాయంటే అందులో వింతేమీ లేదు. జూలైలో లంగరు తెగడం, మూసుకుపోయిన వలలు అప్పటికే చేసిన హెచ్చరిక. గొలుసులు మార్చడం కన్నా వలలు కడగడం మీద అప్పుడు దృష్టి పెట్టి ఉంటే కథ మరోలా ఉండేదని నా నమ్మకం.

ఎన్ని చేపలు తప్పించుకున్నాయన్న దాని మీద కూడా పెద్ద వివాదం నడిచింది. కంపెనీ లక్షా అరవై వేలంది. దర్యాప్తు బృందం 2,43,000 నుంచి 2,63,000 దాకా అని లెక్క కట్టింది. కూలిన వలల్లో నుంచి వెనక్కి తీసిన చేపల సంఖ్య దగ్గరే తేడా వచ్చింది. అక్కడి లమ్మి ఆదివాసీ మత్స్యకారులు, ఇతర జాలర్లు పడవలేసుకుని వెళ్లి పట్టగలిగినంత పట్టారు. అందరూ కలిసి పట్టినవి 57 వేల దాకా. మిగిలినవి ఏమయ్యాయో ఎవరూ చూడలేదు. పట్టినవాటిలో చాలావాటి కడుపులు ఖాళీగా ఉన్నాయి. గుళికలకు అలవాటుపడిన చేపకు వేటాడటం వెంటనే రాదు. 2018 మార్చిలో ఆ రాష్ట్రం స్థానికేతర చేపలను ఇలా వల పంజరాల్లో పెంచడానికి కాలపరిమితి విధిస్తూ చట్టం చేసింది.

వాషింగ్టన్ తీరాన అట్లాంటిక్ సాల్మన్ పరాయి చేప కాబట్టి అక్కడి చేపలతో కలిసి సంతానం కనే అవకాశం చాలా తక్కువ. నార్వేలో పరిస్థితి వేరు. అక్కడ పంజరంలో పెరిగేదీ, నదుల్లో సహజంగా పుట్టేదీ ఒకే జాతి. తప్పించుకున్నది నదికి ఎదురీది అక్కడి చేపలతో కలుస్తుంది. తొందరగా బరువు పెరగడానికి తరాల తరబడి ఎంపిక చేసిన చేప అది. ఆ లక్షణాలు పంజరంలో లాభం, నదిలో బతకడానికి నష్టం. నార్వేలో శాస్త్రవేత్తలు పరీక్షించిన నదుల్లో చాలా చోట్ల పెంపుడు చేపల జన్యువుల జాడ దొరికింది. ఆ దేశంలో తప్పించుకునే ఘటనల్లో వలలో చిరుగు పడటం ముఖ్య కారణంగా తేలింది. పంజరాల చట్రం, వల, లంగరు ఎలా ఉండాలో ప్రమాణాలు పెట్టి, 2004 నుంచి వాటిని తప్పనిసరి చేశారు.

మన సంగతి వాషింగ్టన్ కన్నా నార్వేకే దగ్గర. పండుగప్ప మన తీరపు చేపే. పిల్లలు ఎక్కువగా హేచరీల నుంచి వస్తాయి. హేచరీలో లక్షల పిల్లలకు తల్లిదండ్రులు కొన్ని చేపలే కావచ్చు. అలాంటి పిల్లలు పెద్ద సంఖ్యలో సముద్రంలో కలిస్తే, సహజంగా ఉన్న వైవిధ్యం పలచబడుతుంది. ఒక పంజరం తెగితే నష్టపోయేది రైతు. ఒకే చోట వందల పంజరాలు పెట్టి, తుపాను వచ్చి అన్నీ ఒకే రాత్రి తెగితే అది సముద్రపు చేపల కథ అవుతుంది. మన తూర్పు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కొట్టిందో ఎవరూ మరవలేదు. అందుకే ఇక్కడ పిల్లలను ఎప్పుడు వేయాలి, ఎప్పుడు పట్టాలి అన్నది తుపాను నెలలను తప్పించి లెక్క వేసుకోవాలి. ఇంకో నెల ఆగితే ఇంకాస్త బరువొస్తుందని సెప్టెంబరు దాటించడం పెద్ద జూదం.

మిగిలింది పంజరం కింది నేల, చుట్టూ ఉన్న నీరు. మళ్లీ మన రెండు టన్నుల పంజరానికే వద్దాం. దానికి రోజుకు 40 కిలోల గుళికలు పడతాయనుకుందాం. అందులో 45 శాతం మాంసకృత్తులుంటే నత్రజని దాదాపు 2.9 కిలోలు. చేప తన ఒంట్లో నిలుపుకునేది అందులో పావు నుంచి మూడో వంతు. రోజుకు రెండు కిలోలు నత్రజని బయటికి పోతుంది. అందులో ఎక్కువ భాగం చేప మొప్పల నుంచి అమ్మోనియాగా నీటిలో కలిసిపోతుంది. తెరచిన సముద్రంలో ఒక పంజరానికి అది చాలా కొద్దిపాటి మొత్తం, ఉరవడి దాన్ని పలచబరిచేస్తుంది. మూసుకున్న అఖాతంలోనో, ఏటి మొగలోనో యాభై పంజరాలు పెడితే అదే నత్రజని నాచుకు ఎరువవుతుంది. పగలు పచ్చగా కనిపించే ఆ నీరే రాత్రి ప్రాణవాయువును లాగేసుకుంటుంది. ముందు చెప్పుకున్న ఇరవై మూడు నిమిషాల గడువు అలాంటి చోట ఇంకా కుదించుకుపోతుంది.

కిందికి దిగేవి మలం, తినని మేత. అవి ఎక్కువగా పంజరం కిందా, చుట్టూ కొద్ది పదుల మీటర్ల మేరా పడతాయి. సముద్రపు నేలలో పురుగులు, పీతలు, గుల్లలు కొంతవరకు వాటిని తిని చక్కబెడతాయి. పడేది వాటి శక్తికి మించితే బురదలో ప్రాణవాయువు అయిపోతుంది. దీన్ని పసిగట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఈత వచ్చినవాడు మునిగి, పంజరం కింది నుంచి ఒక డబ్బాలో బురద తేవాలి. వంద మీటర్ల అవతల నుంచి మరో డబ్బా తేవాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మంచి బురద పైన గోధుమరంగులో ఉంటుంది, అందులో రకరకాల పురుగులు కదులుతాయి, వాసన ఉప్పు వాసనే. చెడ్డది పైనుంచే నల్లగా ఉంటుంది, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. కొన్నిసార్లు నేల మీద తెల్లటి దూది లాంటి బ్యాక్టీరియా పొర పరుచుకుంటుంది. పురుగులు లెక్కకు చాలా ఉన్నా అన్నీ ఒకే రకం సన్న ఎర్ర పురుగులే అయి ఉంటాయి. బుడగలు పైకి వస్తున్నాయంటే ఇక ఆ చోట చేప పెంచడం ఆపాల్సిందే. నార్వేలో చట్టప్రకారం చేసే తనిఖీలోనూ బురద రంగు, వాసన, మెత్తదనం చూసి మార్కులు వేస్తారు, దాంతోపాటు పీహెచ్ వంటి కొలతలు తీసుకుంటారు.

పంజరం అడుగుకూ సముద్రపు నేలకూ మధ్య తగినంత ఎడం ఉండాలనేది ఇందుకే. వల నేలకు దగ్గరగా వేలాడితే, చేప తన మలినం మీదే కూర్చున్నట్టు. కింద నుంచి వచ్చే విషవాయువు ముందు సోకేది దానికే. అందుకే మన తీరంలో కనీసం ఎనిమిది, పది మీటర్ల లోతున్న చోటు చూసుకోవడం మేలు. ఒడ్డుకు దగ్గరైతే కాపలా తేలిక, పడవ డీజిలు ఆదా. ఆ ఆదా కోసం లోతులేని చోట పెట్టినవాళ్లు రెండో పంటలో దాన్ని తిరిగి కట్టాల్సి వస్తుంది.

చెడిన నేల బాగుపడుతుంది, కానీ ఖాళీగా వదిలేయాలి. నార్వేలో ప్రతి పంట తర్వాత కనీసం రెండు నెలలు పంజరం చోటును ఖాళీగా ఉంచాలన్నది నిబంధన. చల్లటి, లోతైన చోట్ల పూర్తిగా కోలుకోవడానికి ఏళ్లు పట్టిన సందర్భాలూ ఉన్నాయి. మన తీరంలో తుపాను నెలలు ఎలాగూ ఆ ఖాళీని ఇస్తాయి. ఆ నెలల్లో పంజరాన్ని ఒడ్డుకు లాగి వలలు కుట్టుకుంటూ, కింది నేలను అలా వదిలేస్తే చాలా మటుకు పని జరుగుతుంది. మరీ నల్లబడితే పంజరాన్నే పక్కకు జరపాలి. అక్కడొస్తుంది అసలు కష్టం. పైపు వలయాన్ని పడవతో లాక్కుపోవచ్చు గానీ, అడుగున దిగబడిన రాళ్ల పెట్టె ఒక్కోటి టన్నుల బరువు. మళ్లీ పైకి తీయడానికి క్రేన్ ఉన్న పడవ కావాలి, దాని బాడుగ చిన్న సంఘానికి మోయలేని ఖర్చు. అందుకని పంజరం కొనే రోజునే లంగరుకు రెండు చోట్లు ఎంచుకుని, రెండు చోట్లా రాళ్ల పెట్టెలు దించి పెట్టుకోవడం మంచిది. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ. మొదట్లో ఖర్చు కాస్త ఎక్కువే, అయితే సబ్సిడీ లెక్కలో ఒక్క లంగరుకే డబ్బిస్తే రెండోది ఎవరూ దించరు. పథకాలు రాసేవాళ్లు ఆ రెండో లంగరును కూడా కేజ్ ఖరీదులో కలపాలి.